కొత్త పాటలు ఎందుకింత గట్టిగా మాస్టర్ చేస్తున్నారు? గంట వింటే చెవులు అలిసిపోతున్నాయి

దూరపుచెవి:
నాకు ఈ రంగంతో సంబంధం లేదు, వినడం ఒక్కటే వచ్చు. పని చేస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే ఉంటాను. ఎనభైల్లో సీడీలుగా వచ్చిన ఆల్బమ్‌లు ఎంతసేపు విన్నా ఏమీ అనిపించదు. ఈ పదేళ్లలో వచ్చినవి పెడితే మాత్రం గంటలోపే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పడేయాలనిపిస్తుంది. పాటలు నచ్చక కాదు, వాటిలో నాకు ప్రాణం లాంటివి కూడా ఉన్నాయి. వాల్యూమ్ తగ్గించినా పెద్ద తేడా లేదు.

రెండు ఫైళ్లు ఆడాసిటీలో తెరిచి చూశాను. పాతదాంట్లో ఎత్తుపల్లాలు కనిపిస్తున్నాయి. కొత్తది మొదటి నుంచి చివరిదాకా ఒకటే దిమ్మెలా ఉంది. ఇది కావాలని చేసే పనేనా? అయితే ఎందుకు?

శబ్దతరంగం:
మీరు 128 కేబీపీఎస్ ఎంపీత్రీలు వింటున్నట్టున్నారు. కంప్రెషన్ ఎక్కువైతే అలాగే ఉంటుంది. 320కి మారండి, లేదంటే ఫ్లాక్ ఫైళ్లు దొరికితే అవి వినండి. సమస్య తీరిపోతుంది.

ఫేడర్_దగ్గర:
శబ్దతరంగం గారూ, మీరు చెప్పేది ఫైలు సైజు తగ్గించే కంప్రెషన్. ఆయన అడిగింది శబ్దంలో ఎక్కువ తక్కువల మధ్య తేడాను నొక్కేసే కంప్రెషన్. పేరు ఒకటే గానీ రెంటికీ సంబంధం లేదు. దిమ్మెలా మాస్టర్ చేసిన పాటను ఫ్లాక్‌లో వింటే ఆ దిమ్మె ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది, అంతే.

దూరపుచెవి గారూ, కావాలనే చేస్తారు. మిక్స్ అయిన పాటకి విడుదలకు ముందు చివరిగా శబ్దం సరిచూసే పనే మాస్టరింగ్, నేను చేసేది అదే కాబట్టి చేసేవాళ్లలో నేనూ ఒకణ్ని.

డిజిటల్‌లో ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని సున్నా డీబీ అంటాం. ఏ శబ్దమూ దాన్ని దాటి రికార్డు కాదు. ఆ పైకప్పును తాకేది డ్రమ్ము మీద కర్ర పడిన క్షణం లాంటివి, సెకనులో వెయ్యో వంతులు మాత్రమే ఉండే శిఖరాలు. మన చెవి మాత్రం పాట ఎంత గట్టిగా ఉందో ఆ శిఖరాలను చూసి తేల్చుకోదు, సగటు చూసి తేల్చుకుంటుంది. పాత రికార్డింగుల్లో శిఖరానికీ సగటుకీ మధ్య పదిహేను డీబీల దాకా దూరం ఉండేది. పైకప్పు కదలదు కాబట్టి సగటు పెంచాలంటే ఒకటే దారి: శిఖరాలను కిందికి నొక్కి, మిగిలిందంతా పైకి లేపడం. ఆ పని చేసేదే లిమిటర్. శిఖరం రాబోతోందని కొన్ని మిల్లీసెకన్ల ముందే చూసి, సరిగ్గా ఆ క్షణానికి వాల్యూమ్ తగ్గించే సాఫ్ట్‌వేర్ లిమిటర్ 1994లో వచ్చింది, వేవ్స్ వాళ్ల ఎల్1. సీడీ వచ్చింది 1982లో. మీ చెవికి హాయిగా ఉన్న ఆ తొలి సీడీలు ఈ పనిముట్టు లేని రోజులవి.

ఇక ఎందుకంటారా? ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి ఒక్క డీబీ పెంచి చూడండి. చాలామంది రెండోదే బాగుందంటారు. "గట్టిగా ఉంది" అనరు, "క్లియర్‌గా ఉంది, బేస్ బాగుంది" అంటారు. వాల్యూమ్ పెరిగేకొద్దీ మన చెవికి కింది స్వరాలు, పై స్వరాలు ఇంకా బాగా తెలుస్తాయి. ఫ్లెచర్, మన్సన్ ఇద్దరూ 1933లోనే కొలిచి చూపించిన సంగతి ఇది. పక్క పాట కంటే మనది తేలిపోతోందన్న భయం ఒకరికి పుడితే చాలు, తర్వాతివాడు ఇంకో డీబీ పెంచుతాడు.

పాతరికార్డు:
అందుకే నేను వైనల్ తప్ప వినను. వైనల్ మీద ఈ మోసం కుదరదు, గాడి ఒప్పుకోదు. ఏ ఆల్బమ్ తీసుకున్నా, శిఖరానికీ సగటుకీ మధ్య దూరం చూపే డీఆర్ మీటర్‌లో సీడీకి 6 వస్తే వైనల్‌కి 10, 11 వస్తుంది. ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు.

ఫేడర్_దగ్గర:
పాతరికార్డు గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. వైనల్ కోసం విడిగా, తక్కువ లిమిటింగ్‌తో మాస్టర్ చేసిన ఆల్బమ్‌లు ఉన్నాయి, అవి నిజంగానే తేడాగా ఉంటాయి. కానీ ఆ మీటర్‌ని నమ్మకండి. సీడీకి పంపిన దిమ్మె మాస్టర్‌నే ఉన్నదున్నట్టు వైనల్‌కి కోసినా మీటర్ మూడు నాలుగు అంకెలు ఎక్కువ చూపిస్తుంది. కోసేటప్పుడూ, సూది చదివేటప్పుడూ తరంగాల్లో స్వరాల మధ్య సమయాలు కాస్త అటూ ఇటూ జరుగుతాయి. దాంతో చదునుగా కోసిన అంచులు మళ్లీ ముళ్లలా లేస్తాయి. ఆ ముళ్లు పోయిన డ్రమ్ము దెబ్బలు కావు. పోయింది పోయినట్టే ఉంటుంది.

పాతరికార్డు:
మీటర్ సంగతి ఏమో గానీ, నా చెవికి తేడా తెలుస్తోంది. దానికేమంటారు?

ఫేడర్_దగ్గర:
ఏ ఆల్బమో చెబితే విడి మాస్టరో కాదో కొంతవరకు చెప్పగలను. ఊరికే అన్నిటికీ కలిపి అయితే చెప్పలేను.

బీట్‌గది:
అన్నా, నాది అచ్చంగా ఇదే గొడవ. సొంతంగా బీట్లు చేసి గాయకులకు ఇస్తుంటాను. పోయిన నెల ఒక పాటకి రెండు మాస్టర్లు చేశాను, ఒకటి గట్టిది, ఒకటి కాస్త గాలి వదిలింది. పాడినతను ఫోన్‌లో రెండూ విని "రెండోది డల్‌గా ఉంది బ్రదర్" అని గట్టిదే తీసుకున్నాడు. కానీ స్ట్రీమింగ్‌లో పెట్టాక అదే పాట పక్క పాటల ముందు చప్పగా వినిపిస్తోందని ఇప్పుడు అతనే ఫోన్ చేశాడు. గట్టిగా చేసింది చప్పగా ఎలా అయ్యింది?

ఫేడర్_దగ్గర:
రెండు ఫైళ్లూ ఉంటే ఇది నడిపి, చివర వచ్చిన అంకెలు ఇక్కడ పెట్టు.

```
ffmpeg -i paata.wav -af ebur128=peak=true -f null -
```

బీట్‌గది:
గట్టిది:

```
I:     -8.0 LUFS
LRA:    4.1 LU
Peak:   0.8 dBFS
```

గాలి వదిలింది:

```
I:    -13.0 LUFS
LRA:    4.6 LU
Peak:  -1.0 dBFS
```

ఫేడర్_దగ్గర:
దూరపుచెవి గారూ, మీరూ చూడండి, మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

మొదటి వరుస పాట మొత్తం సగటున ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. దీన్ని లఫ్స్‌లో కొలుస్తారు. చెవి వినే తీరుకి దగ్గరగా ఉండేలా 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పెట్టిన కొలత ఇది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టి. చివరి వరుస అన్నిటికంటే ఎత్తైన శిఖరం.

ఇప్పుడు స్పాటిఫై చేసేది చూడండి. మామూలు సెట్టింగులో ప్రతి పాటనూ సగటు -14 లఫ్స్‌కి తెస్తుంది. గట్టి ఫైలు -8 దగ్గర ఉంది కాబట్టి దాన్ని 6 డీబీలు తగ్గిస్తుంది. దాని శిఖరం 0.8 నుంచి -5.2కి పడిపోతుంది. రెండో ఫైలుని 1 డీబీ తగ్గిస్తే చాలు, దాని శిఖరం -2 దగ్గర నిలబడుతుంది. వినేవాడికి ఇప్పుడు రెండింటి సగటూ ఒకటే. కానీ రెండోదాంట్లో డ్రమ్ము దెబ్బ 3.2 డీబీలు ఎత్తుగా కొడుతుంది. మొదటిదాంట్లో ఆ దెబ్బలను కోసి సంపాదించిన ఎత్తంతా ప్లేయర్ వెనక్కి తీసేసుకుంది. కోత మాత్రం మిగిలిపోయింది. అతను చప్పగా ఉందన్నది దీన్నే.

యూట్యూబ్‌లో ఇది కళ్లారా చూడొచ్చు. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి Stats for nerds తెరిస్తే ఇలాంటి వరుస ఒకటి కనిపిస్తుంది:

```
Volume / Normalized  100% / 51% (content loudness 5.9dB)
```

అంటే ఆ పాట వాళ్ల గీత కంటే 5.9 డీబీలు గట్టిగా ఉంది, సగానికి తగ్గించి వినిపిస్తున్నారు అని. ఆ అంకె మైనస్‌లో ఉంటే పాట నెమ్మదిగా ఉన్నట్టు. యూట్యూబ్ దాన్ని పెంచదు, అలాగే వదిలేస్తుంది.

సందేహజీవి:
ఒక్క నిమిషం. మధ్య వరుసలో ఎల్‌ఆర్‌ఏ 4.1, 4.6 అని ఉంది. అది డైనమిక్స్ కొలతే కదా? రెండూ దాదాపు ఒకటే. మరి గట్టి మాస్టర్‌లో డైనమిక్స్ పోయాయని ఎలా అంటున్నారు? నాకైతే ఈ "లౌడ్‌నెస్ యుద్ధం" గోల సగం పాతకాలపు మోజులా కనిపిస్తోంది.

ఫేడర్_దగ్గర:
సరైన చోటే పట్టుకున్నారు. ఎల్‌ఆర్‌ఏ కొలిచేది నెమ్మదిగా జరిగే మార్పుని. చరణం ఎంత మెల్లగా ఉంది, పల్లవి ఎంత పైకి లేచింది, అంతవరకే. కొన్ని సెకన్ల ముక్కలుగా చూస్తుంది కాబట్టి ఒక్క డ్రమ్ము దెబ్బ దానికి కనిపించదు. లిమిటర్ తినేది సరిగ్గా ఆ దెబ్బనే. అది తెలియాలంటే శిఖరం నుంచి సగటు తీసేయండి. గట్టిదానికి 8.8 వస్తుంది, రెండోదానికి 12. తేడా అక్కడుంది.

అందుకే "కొత్త పాటల్లో డైనమిక్స్ లేవు" అని గంపగుత్తగా అంటే నేనూ ఒప్పుకోను. చరణాన్ని ఒక గొంతు, ఒక పియానోతో నడిపి పల్లవిలో అన్నీ వదిలే కొత్త పాటలు బోలెడు. పెద్ద ఎత్తుపల్లాలు ఉన్నాయి, రెప్పపాటువే అరిగిపోయాయి.

డ్రమ్‌కర్ర:
ఆ అరిగిపోయింది నా వాయింపే. స్టూడియోలో స్నేర్ డ్రమ్ము కొడితే గది అదిరింది. పాట విడుదలయ్యాక వింటే చరణంలో స్నేర్ బాగానే ఉంది, పల్లవి రాగానే ఎవరో దాని మీద దుప్పటి కప్పినట్టయింది. అక్కడ నేను ఇంకా గట్టిగా కొట్టాను, గుర్తుంది. మిక్స్ చేసినతను నేనేం తగ్గించలేదన్నాడు.

ఫేడర్_దగ్గర:
అతను నిజమే చెప్పి ఉంటాడు. చరణంలో లిమిటర్‌కి పని తక్కువ. పల్లవిలో గిటార్లు, సింథ్‌లు, కోరస్ గొంతులు కలిసి పైకప్పు దాకా నింపేస్తాయి. స్నేర్ లేవడానికి చోటే ఉండదు. ఎంత గట్టిగా కొడితే లిమిటర్ అంత గట్టిగా నొక్కుతుంది, పైగా ఆ క్షణంలో గొంతునీ కలిపి నొక్కుతుంది. ఒక పాటను ఎక్కువ నొక్కారా లేదా అని తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. వేవ్‌ఫామ్ బొమ్మ చూడను, స్నేర్‌ని పట్టుకుని చరణం నుంచి పల్లవిలోకి వెళ్తాను. పాట పైకి లేస్తుంటే స్నేర్ చిన్నదైపోతే సంగతి అర్థమైనట్టే.

ఇక్కడ ఎవరో ఒకరిని నిందించడం కూడా కష్టం. పాట కట్టేటప్పుడే నిర్మాత మాస్టర్ ట్రాక్ మీద లిమిటర్ పెట్టి, డెమో గట్టిగా ఉండేలా చేస్తాడు. అందరి చెవీ ఆ డెమోకి అలవాటు పడుతుంది. మిక్స్ చేసేవాడు అంతకంటే మెల్లగా ఇస్తే "ఏదో పోయింది" అంటారు, కాబట్టి అతనూ నొక్కుతాడు. నా దగ్గరికి వచ్చేసరికే శిఖరాలు చదునై ఉంటాయి. 2008లో మెటాలికా "డెత్ మ్యాగ్నెటిక్" విషయంలో జరిగింది ఇదే. సీడీలో శబ్దం చిరిగిపోతోందని అభిమానులు గోల పెట్టారు. అవే పాటలు ఒక గిటార్ వీడియో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చాయి, పక్కపక్కన పెడితే తేడా ఎవరికైనా తెలిసిపోయింది. మాస్టరింగ్ ఇంజనీరు, మిక్స్‌లు తన దగ్గరికి వచ్చేసరికే అలా ఉన్నాయని చెప్పాడు.

దూరపుచెవి:
చాలా వరకు అర్థమైంది. మరి అలసట? స్ట్రీమింగ్‌లో అందరినీ ఒకే సగటుకి తెస్తున్నప్పుడు కొత్త పాట ఎక్కువ గట్టిగా లేనట్టే కదా. అయినా చెవి ఎందుకు అలిసిపోతోంది?

ఫేడర్_దగ్గర:
ముందు మీ యాప్‌లో ఆ సమం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే, మీరు సొంత ఫైళ్లు వింటుంటే, కొత్త పాట నిజంగానే ఐదారు డీబీలు గట్టిగా చెవిలో పడుతూ ఉంటుంది. అదే అసలు కారణం కావచ్చు.

సమం చేశాక కూడా మిగిలేవి ఉన్నాయి. ఒకటి వక్రీకరణ. లిమిటర్ నొక్కిన తర్వాత ఎంత త్వరగా వదలాలో ఒక సమయం పెడతాం. ఎంత త్వరగా వదిలితే పాట అంత గట్టిగా వస్తుంది. 50 హెర్ట్జ్ బేస్ స్వరం ఒక్క చుట్టు తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. లిమిటర్ 5 మిల్లీసెకన్లలో వదిలేస్తే, ఒకే చుట్టులో నొక్కడం, వదలడం రెండూ జరిగిపోయి బేస్ తరంగం ఆకారమే మారిపోతుంది. అసలు పాటలో లేని కొత్త స్వరాలు పుడతాయి. శిఖరాలను నేరుగా కోసేసే క్లిప్పర్ వాడితే ఇంకా ఎక్కువ. వీటిలో కొన్ని 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పడతాయి, మన చెవి అన్నిటికంటే పదునుగా వినేది అక్కడే. విడిగా వినిపించకపోవచ్చు, పాట అంతటా సన్నటి ఇసుక పరుచుకున్నట్టు ఉంటుంది.

రెండోది ఖాళీలు లేకపోవడం. దెబ్బకీ దెబ్బకీ మధ్య శబ్దం తగ్గాలి. నొక్కి లేపినప్పుడు ఆ మధ్యలో ఉన్న గది ప్రతిధ్వని, గాయకుడి ఊపిరి, సింథ్ తోక అన్నీ పైకి వచ్చేస్తాయి. చెవి లోపల గట్టి శబ్దం వచ్చినప్పుడు బిగుసుకునే చిన్న కండరం ఒకటి ఉంది. గట్టిగా పెట్టుకుని వింటే ఈ ఎడతెగని శబ్దం దానికి వదులయ్యే సందు ఇవ్వదు.

సందేహజీవి:
రెండోది ఊహలా ఉంది. మెల్లగా వినేవాడికి ఆ కండరం బిగుసుకోదు కదా, ఆయనేమో వాల్యూమ్ తగ్గించినా అంతే అంటున్నారు. నా అనుమానం వేరే. కొత్త పాటల్లో గొంతునీ హై-హ్యాట్‌నీ మెరిపించడానికి 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఈక్వలైజర్‌తో బాగా పెంచుతారు. గుచ్చేది అది. లిమిటర్‌ది తప్పేం లేదు. దూరపుచెవి గారూ, ఈక్వలైజర్‌లో అక్కడ మూడు డీబీలు తగ్గించి విని చూడండి.

బీట్‌గది:
నా రెండు మాస్టర్లూ దూరపుచెవి గారికి పంపుతాను, ఒకే మిక్స్ కాబట్టి ఈక్వలైజర్ తేడా ఉండదు. గట్టిదాన్ని 5 డీబీలు తగ్గించి, రెండింటినీ -13కి సమం చేశాను:

```
ffmpeg -i gatti.wav -af volume=-5dB gatti_samam.wav
```

ఏది ఏదో చెప్పను, పేర్లు మార్చి పెడతా.

దూరపుచెవి:
రెండు పరీక్షలూ చేశాను.

బీట్‌గది గారి ఫైళ్లలో చరణం వరకు నాకు తేడా తెలియలేదు, నిజంగా. పల్లవిలో తెలిసింది. డ్రమ్‌కర్ర గారు చెప్పిన స్నేర్ మీదే దృష్టి పెడితే ఒకదాంట్లో అది ముందుకొచ్చి కొడుతోంది, ఇంకోదాంట్లో గొంతు వెనక దాక్కుంటోంది. దాక్కున్నదే గట్టిదని రాశాను, అదే అయింది. కానీ మూడు నిమిషాల పాటతో అలసట తెలియదు కదా.

సందేహజీవి గారు చెప్పినట్టు ఈక్వలైజర్ తగ్గించి నా రోజువారీ జాబితా విన్నాను. హాయిగానే ఉంది, ఇంతకుముందు కంటే ఎక్కువసేపు వినగలిగాను. పాట కొంచెం మసకబారింది, అది వేరే సంగతి. స్పాటిఫైలో ఆ సెట్టింగ్ మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది.

సందేహజీవి:
చూశారా.

ఫేడర్_దగ్గర:
తొందరపడకండి. నేను చెప్పిన వక్రీకరణ పడేది కూడా ఆ చోటే. అక్కడ మూడు డీబీలు తగ్గిస్తే గొంతు మెరుపూ తగ్గుతుంది, ఇసుకా తగ్గుతుంది. ఏది తగ్గినందుకు హాయి కలిగిందో ఈ పరీక్ష విడదీయలేదు. విడదీయాలంటే ఒకే మిక్స్‌ని రెండు రకాలుగా మాస్టర్ చేసిన ఆల్బమ్ మొత్తం కావాలి. రెండింటినీ సమం చేసి, ఏది ఏదో తెలియకుండా వేర్వేరు రోజుల్లో వినాలి.

సందేహజీవి:
అది దొరికేదాకా నా అనుమానం నాదే. మెరుపుకి డెబ్బై పాళ్లు, లిమిటర్‌కి ముప్పై.

శబ్దతరంగం:
అయితే ఎంపీత్రీకి అసలు సంబంధమే లేదంటారా?

ఫేడర్_దగ్గర:
ఒక చిన్న లంకె ఉంది. బీట్‌గది గట్టి ఫైలు శిఖరం 0.8 అని చూపించింది గుర్తుందా, పైకప్పు కంటే పైన? ఫైల్లోని నమూనాలు ఏవీ సున్నా దాటలేదు, వాటి మధ్య నడిచే అసలు తరంగం దాటింది. ఇలాంటి ఫైలుని ఎంపీత్రీగానో ఏఏసీగానో మారిస్తే శిఖరాలు ఇంకాస్త జరిగి, తిరిగి విప్పేటప్పుడు మళ్లీ కోత పడొచ్చు. అందుకే శిఖరాన్ని -1 దగ్గర ఆపమంటారు. వినేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. కంప్యూటర్‌లో ప్లేయర్ వాల్యూమ్‌ని కొంచెం తగ్గించి, ఆంప్లిఫయర్‌ది పెంచుకోండి. దాటే తరంగానికి కాస్త చోటు దొరుకుతుంది. మాస్టర్‌లోనే కోసేసిన దెబ్బలు మాత్రం తిరిగి రావు.

బీట్‌గది:
అన్నా, చివరిది. ఇప్పుడు తర్వాతి పాటకి ఏ అంకెకి చేయాలి? -14కే చేసి ఇచ్చేయనా?

ఫేడర్_దగ్గర:
వద్దు. -14 అన్నది ప్లేయర్ దించే చోటు, నువ్వు చేరాల్సిన చోటు కాదు. ఆ అంకెలు కూడా ఒక్కో సర్వీసుకి ఒక్కోలా ఉంటాయి, ఆపిల్ మ్యూజిక్‌ది -16. డ్యాన్స్ పాటకి ఆ దట్టమైన శబ్దమే అందం కావచ్చు, అది -9 దగ్గర కూడా బాగుంటుంది. లిమిటర్‌ని మెల్లగా పెంచుకుంటూ పో. ప్రతిసారీ పెంచినంతా బయట తగ్గించి, సమానంగా విను. పల్లవిలో స్నేర్ చిన్నబోవడం మొదలైన చోటు నుంచి ఒక డీబీ వెనక్కి రా. అక్కడ ఏ అంకె వస్తే అది నీ అంకె.

గాయకుడికి పంపేటప్పుడు మాత్రం రెండు ఫైళ్లూ సమం చేసి పంపు. లేకపోతే మళ్లీ గట్టిదే ఎంచుకుంటాడు.

బీట్‌గది:
నిన్న అలాగే సమం చేసి పంపాను. ఫోన్ స్పీకర్‌లో విని, మళ్లీ గట్టిదే బాగుందన్నాడు :(

ఫేడర్_దగ్గర:
ఫోన్ స్పీకర్‌కి లోపల సొంత లిమిటర్ ఉంటుంది, చిన్న స్పీకర్ చిరిగిపోకుండా. నువ్వు దాచిన దెబ్బలను అదే కోసేస్తుంది. పైగా దట్టంగా ఉన్నదే అంత చిన్న స్పీకర్‌లో నిండుగా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి వినమను. అప్పుడు కూడా గట్టిదే కావాలంటే ఇచ్చెయ్, పాట అతనిది.